అపోహలు – వాస్తవాలు: ప్రయోగంలో కూర్చుంటే లేచి రాకూడదా?

రహమత్ నగర్‌లోని ఒక హాలుకు ‘జ్ఞాపకశక్తి పరీక్ష’ అని మిమ్మల్ని పిలిచారనుకుందాం. గదిలో మీతో కలిపి ఆరుగురు. మిగతా ఐదుగురూ పక్కనున్న కృష్ణానగర్ నుంచి మాట్లాడుకుని తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు. వాళ్లు కావాలనే తప్పు జవాబు చెబుతారు. అసలు చూసేది మీ జ్ఞాపకశక్తిని కాదు, నలుగురి మాటకు మీరు తలొగ్గుతారా అన్నది. ఇలాంటి ప్రయోగాల గురించి మనలో నాలుగు అపోహలున్నాయి.

అపోహ: అబద్ధం చెప్పి చేసే ప్రయోగం ఏదైనా తప్పే.

వాస్తవం: ముందే చెప్పేస్తే ఈ పరీక్షకు అర్థమే ఉండదు. అందుకే వేరే దారి లేనప్పుడు, నైతిక కమిటీ ఒప్పుకుంటే, ఉద్దేశాన్ని కొంత దాచవచ్చు. కానీ హాని జరిగే అవకాశాన్ని మాత్రం దాచకూడదు. అది తెలిస్తే మీరు అసలు రాకపోవచ్చు కదా.

అపోహ: ఫారంపై సంతకం ఉంటే సమ్మతి ఉన్నట్టే.

వాస్తవం: ఎవరి సంతకం అన్నది ముఖ్యం. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ సంస్థ ప్రాజెక్టు కింద 10–14 ఏళ్ల బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు. హాస్టల్ పిల్లల ఫారాలపై చాలాచోట్ల తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకం పెట్టారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది వేరే సంగతి. అడగాల్సినవాళ్లను అడగకపోవడమే ఇక్కడి తప్పు.

అపోహ: డబ్బు తీసుకున్నాక మధ్యలో లేచి వెళ్లకూడదు.

వాస్తవం: 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రామ్, ఎదుటివారికి కరెంటు షాకులు ఇస్తున్నామని జనాన్ని నమ్మించాడు. ఏం జరిగినా డబ్బు మీదేనని మొదట్లోనే చెప్పారు. తీరా ఎవరైనా ఆగబోతే, ‘మీకు వేరే దారి లేదు, కొనసాగించాలి’ అని ఒత్తిడి చేశారు. తొలి ప్రయోగాల్లో ఒకదానిలో 40 మందిలో 26 మంది 450 వోల్టుల మీట దాకా వెళ్లారు. కాగితం మీద ఉన్న హక్కును ఒక్క మాటతో లాగేసుకోవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది. నేటి నియమాల ప్రకారం కారణం చెప్పకుండానే ఎప్పుడైనా లేచి రావచ్చు.

అపోహ: చివర్లో నిజం చెప్పేస్తే లెక్క సరిపోతుంది.

వాస్తవం: 1975లో లీ రాస్, ఆయన సహచరులు కొందరికి ‘మీరు బాగా చేశారు’, కొందరికి ‘సరిగా చేయలేదు’ అని ఉత్తుత్తి మార్కులు చెప్పారు. అవి అబద్ధమని తర్వాత వివరించినా, ఆ అభిప్రాయం వాళ్ల మనసులోంచి పూర్తిగా పోలేదు. ఇలా నమ్మకం ఎందుకు మిగిలిపోతుందో కూడా విడమరిచి చెప్పినప్పుడే ఆ ప్రభావం బాగా తగ్గింది.

కాబట్టి మన హాల్లో తలొగ్గినవారికి, ‘చాలామంది ఇలాగే చేస్తారు, ఇది మీ బలహీనత కాదు’ అని అక్కడే చెప్పాలి. తర్వాత ‘మీ జవాబులు వాడుకోమంటారా, తీసేయమంటారా?’ అని అడగాలి. పేర్లు తొలగించి అందరివీ కలిపేశాక ఎవరి జవాబు ఏదో వెతకలేరు కాబట్టి, ఆ ప్రశ్న మీరు గది దాటకముందే రావాలి.