ఎనభై నాలుగు పెట్టెల ఉత్తరం

తణుకులో టైల్స్ దుకాణం నడుపుతున్న మా బావ ఒక జూన్ రాత్రి ఫోన్ చేసి, తాను రాసిన ఉత్తరం చదివి వినిపించాడు. మోర్బీ ఫ్యాక్టరీ నుంచి తెప్పించిన సరుకు బాగాలేదని ఫిర్యాదు అది. ‘మీరు పంపిన సరుకు చాలా అధ్వానంగా ఉంది, ఇరవై ఏళ్ల వ్యాపారంలో ఇలాంటిది చూడలేదు, మా పరువు పోయింది, వెంటనే న్యాయం చేయండి’ అని రెండు పేజీలు నింపాడు. ప్రతి మాటా నిజమే. కానీ అది చదివిన గుమాస్తాకు ఎన్ని పెట్టెలు, ఏ బిల్లు, ఏం తేడా, ఏం కావాలి అన్న నాలుగింటిలో ఒక్కటీ తెలియదు.

‘‘బావా, ముందు పెట్టెలు లెక్కపెట్టావా?’’ అన్నాను.

‘‘లెక్కేముందిరా, సగం లోడు రంగు తేడా.’’

మర్నాడు లెక్కపెడితే తేలింది: 300 పెట్టెల్లో 84. సగం కాదు, మూడో వంతు కూడా లేదు. ‘సగం’ అని రాసి పంపి ఉంటే వాళ్లు ఫొటోలు అడిగేవారు, లెక్క కుదిరేది కాదు, మన మాట మీద నమ్మకం అక్కడే పోయేది.

తేడా బయటపడిన తీరు చెప్పాలి. సరుకు ఒక చిన్న అపార్టుమెంటు కాంట్రాక్టరు కోసం తెప్పించింది. రెండడుగుల టైల్స్, పెట్టెకు నాలుగు, అంటే సుమారు పదిహేనున్నర చదరపు అడుగులు. మేస్త్రీ అనుభవజ్ఞుడు. సిమెంటు కలపకముందే వేర్వేరు పెట్టెల్లోంచి తొమ్మిది టైల్స్ తీసి వరండాలో పగటి వెలుగులో పరిచాడు. దగ్గర్నుంచి చూస్తే అన్నీ ఒకటే. పది అడుగులు వెనక్కి వెళ్లి చూస్తే మూడు టైల్స్ కాస్త పాలిపోయి కనిపించాయి. దుకాణంలో ట్యూబులైటు కింద ఈ తేడా ఎవరికీ పట్టుబడదు.

పెట్టె పక్కన చిన్న అక్షరాలతో అచ్చేసిన షేడ్ నంబరు చూస్తే సంగతి తెలిసింది. కొన్నింటి మీద 21, కొన్నింటి మీద 23. విట్రిఫైడ్ టైల్‌ను 1,200 డిగ్రీల దరిదాపుల్లో కాలుస్తారు. ఒకే డిజైను, ఒకే సిరా అయినా కొలిమి వేడిలోనో మట్టి పాకంలోనో కొద్ది తేడా వస్తే రంగు ఒక వీసం మారుతుంది. అందుకే ఫ్యాక్టరీలు ప్రతి విడతనూ చూసి షేడ్ నంబరు వేస్తాయి. అంటే ఈ 84 పెట్టెల్లో ఏ టైలూ చెడ్డది కాదు. 23 మొత్తం ఒకచోట వేస్తే చూడచక్కగా ఉంటుంది. తప్పు రెండు షేడ్లు కలిపి లోడు చేయడంలో ఉంది. ఉత్తరంలో ‘నాసిరకం’ అని రాస్తే వాళ్లు నాణ్యత పరీక్ష కాగితాలు తీసి చూపిస్తారు. ‘ఆర్డరులో ఒకే షేడ్ అన్నాం, మీరు రెండు పంపారు’ అని రాస్తే పెట్టెల మీద వాళ్లు వేసిన అచ్చే సాక్ష్యం. బావ అదృష్టం, ఆర్డరు పెట్టిన మెసేజీలో ‘అన్నీ ఒకే షేడ్’ అన్న మాట ఉంది. ఆ మాట లేకపోతే ఉత్తరానికి సగం బలమే ఉండేది.

లోడులో ఇంకో నష్టం కూడా ఉంది. ఆరు పెట్టెలు పగిలి వచ్చాయి. బావ మొదటి ఉత్తరంలో దాన్నీ ఫ్యాక్టరీ నెత్తినే వేశాడు. కానీ ధర ఫ్యాక్టరీ గేటు దగ్గరి ధర, లారీ కుదిర్చింది బావే. అలాంటి బేరంలో సరుకు గేటు దాటాక నష్టభయం సాధారణంగా కొన్నవాడిదే. ఫ్యాక్టరీలో సరిగా సర్దలేదని చూపగలిగితే తప్ప, పగిలిన పెట్టెల గురించి అడగాల్సింది లారీ వాళ్లను, బీమా ఉంటే బీమా వాళ్లను. సరుకు దింపేటప్పుడు గుమాస్తా లారీ రసీదు మీద ‘6 పెట్టెలు పగిలి ఉన్నాయి’ అని రాసి డ్రైవరు సంతకం తీసుకున్నాడు కాబట్టి ఆ దారి తెరిచే ఉంది. రవాణా సంస్థ మీద దావా వేయాలంటే సరుకు బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి ఉండాలి. అది వేరే ఉత్తరం. రెండూ ఒకే కాగితం మీద పెడితే ఫ్యాక్టరీ వాళ్లు పగిలినవాటి గురించి వాదన మొదలుపెడతారు, షేడ్ సంగతి వెనక్కిపోతుంది.

ఇక ఏం అడగాలి? ‘మార్చి పంపండి’ అనడం సులువే, కానీ టైల్స్‌లో దానికి ఒక మెలిక ఉంది. షేడ్ 21 నిల్వ అయిపోయి ఉంటే మళ్లీ కాల్చినప్పుడు వచ్చేది 21 కాదు, ఇంకేదో అవుతుంది. అందుకని అడగడం రెండు మెట్లుగా ఉండాలి: అదే షేడ్ ఉంటే సరుకు, లేకపోతే డబ్బు. గడువు కూడా రాయాలి, కాంట్రాక్టరు పని ఆగి ఉంది కదా.

చివరికి పంపిన ఉత్తరం హిందీలో రాశాం. తెలుగులో ఇలా ఉంటుంది:

‘విషయం: మీ ఇన్వాయిస్‌లోని 300 పెట్టెల్లో 84 పెట్టెలు వేరే షేడ్. మార్పిడి లేదా క్రెడిట్ నోట్ కోరుతూ.

అయ్యా,

పై ఇన్వాయిస్ సరుకు జూన్ 3 సాయంత్రం మాకు చేరింది. మా ఆర్డరులో 300 పెట్టెలూ ఒకే షేడ్‌లో కావాలని రాశాం. జూన్ 6న పెట్టెలు విప్పి చూడగా 216 పెట్టెల మీద షేడ్ 21, 84 పెట్టెల మీద షేడ్ 23 అని ఉన్నాయి. పెట్టెల అచ్చు ఫొటోలు, రెండు షేడ్లూ పక్కపక్కన పరిచి పగటి వెలుగులో తీసిన ఫొటోలు జతపరిచాం.

షేడ్ 21 పెట్టెలు 216 మేం తీసుకుంటున్నాం. షేడ్ 23 పెట్టెలు 84 తీసుకోవడం లేదు. పరీక్షకు విప్పినవి తప్ప మిగతావి విప్పలేదు, ఒక్క టైలూ అతికించలేదు. అన్నీ మా గోడౌన్‌లో విడిగా ఉన్నాయి. మీ మనిషి ఎప్పుడైనా వచ్చి చూడవచ్చు.

షేడ్ 21లో 84 పెట్టెలు మీ దగ్గర ఉంటే మీ ఖర్చుతో పంపి ఇవి వెనక్కి తీసుకోండి. లేకపోతే 84 పెట్టెలకు, పెట్టె 460 రూపాయల చొప్పున 38,640, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపి 45,595 రూపాయలకు క్రెడిట్ నోట్ ఇవ్వండి. ఏది వీలో జూన్ 14లోగా రాతపూర్వకంగా తెలపండి. మిగిలిన 1,17,245 రూపాయలు మాట ప్రకారం గడువుకే చెల్లిస్తాం.’

ఇందులో కోపం ఎక్కడా లేదు, అయినా గట్టి ఉత్తరం. ‘ఒక్క టైలూ అతికించలేదు’ అన్న వాక్యమే దీనికి ప్రాణం. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం కొన్నవాడు సరుకు తనదే అన్నట్టు వాడేసినా, ఏమీ చెప్పకుండా ఎక్కువ రోజులు ఉంచేసుకున్నా ఒప్పుకున్నట్టే లెక్క. ఆ తర్వాత నష్టపరిహారం అడగవచ్చుగానీ సరుకు వద్దనడం కుదరదు. చాలా పెట్టెల మీద ‘పరిచిన తర్వాత ఫిర్యాదులు తీసుకోం’ అని ఉండేది ఇందుకే. అదే చట్టంలోని 37వ సెక్షను, అడిగినదానితో వేరే రకం కలిపి పంపితే సరైనది ఉంచుకుని తక్కినది వద్దనే హక్కు ఇస్తుంది. వద్దన్న సరుకును మన ఖర్చుతో తిరిగి పంపాల్సిన పనీ లేదు, వద్దని తెలియజేస్తే చాలునని 43వ సెక్షను చెబుతుంది. అయితే బేరంలో వేరే షరతు ఒప్పుకుని ఉంటే ఈ సెక్షన్లు దానికి లోబడతాయి. ఉత్తరం రాసేముందు ఇన్వాయిస్ వెనక చిన్న అక్షరాలు చదవాలి. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామన్నా, తిరిగి అమ్మడానికి సరుకు కొన్న దుకాణదారు ఆ చట్టం దృష్టిలో వినియోగదారుడు కాడు. అందుకే ఈ కాగితం మీద ఇంత శ్రద్ధ పెట్టాల్సి వస్తుంది.

తారీకుల సంగతి ఇంకొకటి. అమ్మినవాళ్లు చిన్న పరిశ్రమగా నమోదైన తయారీదారులైతే డబ్బు 45 రోజులు దాటకుండా కట్టాలి, దాటితే చక్రవడ్డీ పడుతుంది. సరుకు చేరిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే, వాళ్లు దాన్ని తీర్చిన రోజు నుంచే ఆ లెక్క మొదలవుతుంది. ఫోన్లో ఎంత గట్టిగా అరిచినా అది అభ్యంతరం కిందికి రాదు. జూన్ 3న సరుకు చేరితే జూన్ 18 ఆఖరు. మన ఉత్తరం 7న వెళ్లింది.

చాలామంది చేసే పొరపాటు, చెప్పకుండా బిల్లులో కోసేసి మిగతాది కట్టడం. పుస్తకంలో మనం రాసుకునే డెబిట్ నోట్ మన లెక్క కోసమే. అమ్మినవాడి మీద పన్ను తగ్గాలంటే అతను క్రెడిట్ నోట్ ఇచ్చి రిటర్నులో చూపించాలి. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 దానికి గడువు. మనం కూడా ఆ మేరకు తీసుకున్న ఇన్‌పుట్ పన్ను, ఈ లెక్కన 6,955 రూపాయలు, వెనక్కి వేయాలి. అందుకే ఉత్తరంలో ధర, పన్ను విడివిడిగా రాశాం.

జవాబు నాలుగో రోజున వచ్చింది. షేడ్ 21 పూర్తిగా అయిపోయిందట. తెప్పించుకోవడానికి లారీ ఖర్చు ఎక్కువ కాబట్టి, 84 పెట్టెలూ ఉంచుకుంటే పెట్టెకు 60 రూపాయలు తగ్గిస్తామన్నారు. బావకు మొదట నచ్చలేదు. కాంట్రాక్టరే లెక్క వేసి చెప్పాడు: 84 పెట్టెలంటే 1,302 చదరపు అడుగులు, పైఅంతస్తు ఫ్లాటు మొత్తానికి సరిపోతుంది. గుమ్మం లోపల అంతా ఒకే షేడ్ అయితే కొనేవాడికి తేడా ఏముంటుంది? ఆ తగ్గింపులో సగం తనకివ్వాలని అడిగాడు, బావ ఇచ్చాడు. తగ్గింపు 5,040, దాని మీద పన్ను కలిపి 5,947 రూపాయలకు క్రెడిట్ నోట్ వచ్చాకే సరుకు కదలనిచ్చాం.

ఆ రోజు గోడౌన్‌లో కాంట్రాక్టరు సుద్దముక్క తీసుకుని, హమాలీలు కలిపేయకుండా, ఎనభై నాలుగు పెట్టెల మీదా తానే ఫ్లాటు నంబరు రాశాడు. పగిలిన ఆరు పెట్టెల్లో పనికొచ్చే ముక్కలు గోడల కింద స్కర్టింగుకు పక్కన పెట్టించాడు.