సిమెంటు కలిసిన మట్టి గోడలు

పాత మట్టిగోడను నిలబెట్టేది బంకమన్ను. ఆరినప్పుడు అది ఇసుక రేణువులను గట్టిగా పట్టి ఉంచుతుంది, తడిస్తే వదిలేస్తుంది. అందుకే పూర్వం గోడ అడుగున రాతికట్టు, పైన ముందుకు చాచిన చూరు, ఏటా పూత తప్పనిసరి. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి అధిక ఒత్తిడితో అదిమితే ఈ బలహీనత చాలావరకు పోతుంది. కొలంబియాలో 1950లలో వచ్చిన సిన్వా-రామ్ అనే చేతియంత్రం ఈ పద్ధతికి ఊపునిచ్చింది. మన దేశంలో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఆరోవిల్ దీన్ని అభివృద్ధి చేశాయి.

సిమెంటు కలిపాక బంకమన్ను పాత్ర తలకిందులవుతుంది. రేణువులను అంటించే పని సిమెంటుదవుతుంది. బంకమన్ను ఎక్కువగా ఉంటే తడికి ఉబ్బి, ఆరాక కుంచించుకుని ఆ పట్టును తెంపేస్తుంది. కాబట్టి నల్లరేగడి సిమెంటుకు లొంగదు, దానికి సున్నమే మేలు. ఇసుక పాలు ఎక్కువున్న ఎర్రమట్టి బాగా పనికొస్తుంది. పైనున్న సారవంతమైన పొరను మాత్రం తీసేయాలి. అందులో కుళ్లిన ఆకూ వేర్లూ సిమెంటు గట్టిపడకుండా అడ్డుకుంటాయి.

ఒక ఎర్రమట్టిలో బంకమన్ను 30 శాతం ఉందనుకుందాం. అంతే బరువు ఇసుక కలిపితే అది 15 శాతానికి దిగుతుంది, ఇటుకకు అది సరిపోతుంది. ఇలా కలిపిన 700 కిలోల పొడి మిశ్రమానికి 50 కిలోల సిమెంటు బస్తా వేస్తే సుమారు 7 శాతం. ఒక్కొక్కటి 8 కిలోల చొప్పున 90కి పైగా ఇటుకలు వస్తాయి.

అసలు నేర్పు నీటి పాళ్లలో ఉంది. గుప్పెడు మిశ్రమాన్ని ఉండ చేసి నడుము ఎత్తు నుంచి గట్టి నేల మీద వదలాలి. పొడిగా రాలితే నీరు చాలలేదు, చెదరకుండా ముద్దగా ఉండిపోతే నీరెక్కువైంది. నాలుగైదు ముక్కలైతే సరైన పాకం. నీళ్లు కలిపిన అరగంటలోపు యంత్రంలో అదిమేయాలి. ఆలస్యమైతే సిమెంటు అప్పటికే బిగియడం మొదలుపెడుతుంది. ఇక్కడే చాలామంది పొరబడతారు: ఒక్కసారిగా పెద్ద కుప్ప కలిపేస్తారు, చివర్లో వచ్చే ఇటుకలు బలహీనంగా తయారవుతాయి.

ఈ ఇటుకలకు బట్టీ అక్కర్లేదు, తడి మాత్రం కావాలి. గోనెపట్టాలు కప్పి కనీసం మూడు వారాలు తేమ ఆరకుండా చూడాలి. ఎండలో వదిలేస్తే పైకి గట్టిగానే కనిపిస్తాయి, లోపల బలం ఉండదు. ఒక ఇటుకను ఒక రోజు నీళ్లలో నానబెడితే ఈ తేడా బయటపడుతుంది. అంచులు మెత్తబడి గోరుతో గీరితే రాలితే ఆ తడపూ సిమెంటూ చాలలేదన్నమాట. మంచి ఇటుకైనా తడిగా ఉన్నప్పుడు బలం బాగా తగ్గుతుంది కనుక, ఇంజనీర్లు తడి బలాన్నే లెక్కలోకి తీసుకుంటారు.

దిమ్మిసతో కొట్టిన గోడకూ ఇదే మట్టి, ఇదే పాకం. పలకల మధ్య 15 సెంటీమీటర్ల వదులు పొర పోసి, సుమారు 10 సెంటీమీటర్లకు దిగేదాకా కొడతారు. పొర బిగిసేకొద్దీ మెత్తటి చప్పుడు గట్టి మోతగా మారుతుంది. పొర మందం పెంచితే దెబ్బ అడుగుకు చేరదు, అక్కడ గుల్ల మిగిలిపోతుంది. సిమెంటు కలిపినా పునాది పైకట్టు, చూరు మానడానికి వీల్లేదు. నేల తడి పైకి పాకకుండా, వాన నేరుగా గోడకు కొట్టకుండా ఆపేవి అవే.