జాయింటు కప్పేముందే చూడాలి

పెద్ద ఆసుపత్రుల్లో, ఐటీ క్యాంపస్‌లలో ఏసీకి కావలసిన చల్లటి నీరు ఒకచోట చిల్లర్లలో తయారై, భూమిలో పాతిన పైపుల్లో భవనాలకు వెళ్తుంది. సుమారు 7 డిగ్రీల దగ్గర బయల్దేరి, గదుల వేడి తీసుకుని 12, 13 డిగ్రీలతో తిరిగొస్తుంది. దారిలో వేడెక్కకుండా పైపులకు ఫ్యాక్టరీలోనే తొడుగు వేస్తారు. లోపల ఉక్కు పైపు, చుట్టూ పాలీయూరెథేన్ ఫోమ్, పైన నల్లటి హెచ్‌డీపీఈ గొట్టం.

స్పెసిఫికేషన్‌లో ఈ మూడు పొరల గురించీ వివరంగా రాస్తారు. కానీ అసలు చిక్కు జాయింటు దగ్గర. వెల్డింగ్ కోసం పైపు రెండు కొసల్లోనూ జానెడు ఉక్కును ఖాళీగా వదులుతారు. సైటులో వెల్డింగ్ అయ్యాక దాన్ని కప్పే పని మన మనుషులదే. అందుకే మంచి స్పెసిఫికేషన్ ఒక మాట గట్టిగా చెబుతుంది: పీడన పరీక్ష నెగ్గేదాకా ఏ జాయింటునూ కప్పకూడదు. కప్పేశాక వెల్డు కారితే ఆ నీరు ఫోమ్‌లోకి ఇంకి, తొడుగు లోపలే పాకి, ఎక్కడో దూరాన బయటపడుతుంది.

పని పీడనం 10 బార్లనుకుందాం. సాధారణంగా దానికి ఒకటిన్నర రెట్లు, అంటే 15 బార్లు ఎక్కిస్తారు. ముందు ఎత్తైన చోట్ల గాలి పూర్తిగా వదిలేయాలి. గాలి మిగిలితే అది స్ప్రింగులా పనిచేసి ముల్లును నిలబెడుతుంది, చిన్న లీకు దాగిపోతుంది. పైపు పగిలితే ప్రమాదం కూడా.

సాయంత్రం 4 గంటలకు గేజు 15 చూపింది. 6 గంటలకు 13.5. లీకేనా? చెప్పలేం. నిండా నీళ్లున్న ఉక్కు పైపులో నీరు ఒక్క డిగ్రీ చల్లబడినా పీడనం కొన్ని బార్లు పడిపోతుంది, ఎందుకంటే చల్లబడ్డప్పుడు ఉక్కు కంటే నీరు ఎక్కువ కుంచించుకుంటుంది. అందుకే పీడనంతోపాటు పైపు ఉష్ణోగ్రతనూ రాసుకోవాలి. ప్రతి వెల్డునూ పొడిగుడ్డతో తుడిచి, కాసేపాగి వేలితో తడిమి చూడాలి. మర్నాడు మధ్యాహ్నం పైపు మళ్లీ మొదటి ఉష్ణోగ్రతకు వచ్చినప్పుడు ముల్లు 15కు చేరితే, వెల్డులన్నీ పొడిగా ఉంటే, లీకు లేనట్టే. చేరకపోతే వెతకాల్సిందే.

తర్వాత స్లీవు బిగించి, లోపలికి 0.2 బార్ గాలి పంపి, అంచుల మీద సబ్బునీళ్లు రాస్తారు. బుడగ రాకపోతేనే ఫోమ్ పోస్తారు. చల్లటి పైపు విషయంలో ఇది మరీ ముఖ్యం. బయటి వేడి తేమ లోపలి చల్లదనం వైపే వెళ్తుంది, తడిసిన ఫోమ్ చల్లదనాన్ని కాపాడలేదు.

ఇక కాంట్రాక్టరు ముందుగా ఇవ్వాల్సిన సబ్మిటల్స్‌లో పైపు కేటలాగు ఎలాగూ ఉంటుంది. జాయింటు డ్రాయింగు, స్లీవు వేసేవాళ్ల శిక్షణ పత్రం, గేజు క్యాలిబ్రేషన్ పత్రం, పరీక్ష రిపోర్టు నమూనా కూడా పైపులు కొనకముందే అడిగి తీసుకోండి. ఆ నమూనాలో ఉష్ణోగ్రతకు గడి లేకపోతే వెనక్కి పంపండి.