లేత రంగు ఐసింగ్‌కి ముందు తెలుపు కుదరాలి

ఫోన్‌లో చూపించిన ఫొటోలో కేకు లేత లావెండర్‌లో ముచ్చటగా ఉంటుంది. ఇంటికొచ్చిన కేకు మాత్రం నిగనిగలాడే వంకాయ రంగులో ఉంటుంది, తిన్న పిల్లల నాలుకలు సాయంత్రం దాకా నీలంగానే ఉంటాయి. రంగు ఎక్కువైంది, ఈసారి తక్కువ వేద్దాం అనుకుంటారు. తక్కువ వేస్తే లావెండర్ రాదు, బూడిద వస్తుంది. అందుకే మళ్లీ ఇంకొంచెం రంగు వేస్తారు, మళ్లీ వంకాయే. ఇంట్లో కేకులు చేసేవాళ్లలో చాలామంది ఇక్కడే తిరుగుతుంటారు. రంగు ఎంత వేయాలన్నది తర్వాతి సంగతి. ఆ రంగు పడే ఐసింగ్ ఏ రంగులో ఉందో ముందు చూసుకోవాలి.

బటర్ క్రీమ్ ఐసింగ్‌ని వెన్న, ఐసింగ్ షుగర్ కలిపి చేస్తారు. బజారులో రొట్టె మీద రాసుకోవడానికి కొనే ఉప్పు వెన్న పచ్చగా ఉంటుంది. అందులో నీలం జెల్ పడితే సముద్రపు ఆకుపచ్చ వైపు పోతుంది. గులాబీ పడితే పీచ్ పండు రంగు వస్తుంది, అది కావాలనుకుంటే మంచిదే. లావెండర్‌కి మాత్రం ఇది అసలు పడదు. పసుపు, ఊదా ఒకదాన్నొకటి చంపుకునే రంగులు, రెండూ కలిస్తే మిగిలేది మట్టి రంగు. అందుకే లేత రంగులకు ఉప్పులేని తెల్ల వెన్న వాడాలి. గేదె పాల వెన్న దొరికితే ఇంకా మేలు. ఆవు పాలలో కెరోటిన్ అనే పసుపు రంగు పదార్థం ఉంటుంది, గేదె పాలలో అది దాదాపు ఉండదు. మన ఇళ్లలో చిలికి తీసిన గేదె వెన్న అంత తెల్లగా ఉండేది అందుకే. కేకులకి దాన్ని వాడేటప్పుడు మాత్రం మజ్జిగ వాసన లేకుండా చల్లటి నీళ్లతో కడిగి, తడి పూర్తిగా పిండేయాలి.

100 గ్రాముల వెన్న, 200 గ్రాముల ఐసింగ్ షుగర్‌తో లావెండర్ ఐసింగ్ చేద్దాం. చక్కెర వేయకముందే మెత్తబడిన వెన్నని ఒక్కదాన్నే బీటర్‌తో ఐదారు నిమిషాలు కొట్టాలి. గాలి పట్టేకొద్దీ అది పాలిపోయి గిన్నె అంచుల దగ్గర తెల్లబడుతుంది. తర్వాత చక్కెరను రెండు మూడు విడతలుగా కలిపి మళ్లీ కొట్టాలి. అప్పటికీ ఐసింగ్‌లో పసుపు జీర కనిపిస్తే, పళ్లపుల్ల కొనకు అంటిన ఊదా జెల్‌ని అందులో ముంచి కలపాలి. పసుపును ఊదా మింగేస్తుంది, ఐసింగ్ తెల్లబడుతుంది. పుల్ల నిండా ముంచితే మాత్రం బూడిద రంగు తేలుతుంది, అప్పుడు తీయడానికి దారి లేదు. దుకాణాల్లో తెల్ల జెల్ కూడా అమ్ముతారు. వాటిలో చాలావాటికి తెలుపునిచ్చేది టైటానియం డయాక్సైడ్. యూరోపియన్ యూనియన్ దాన్ని 2022లో ఆహారంలో వాడకుండా నిషేధించింది. వెన్నని ఓపికగా కొడితే దాని అవసరం అంతగా రాదు.

తెలుపు కుదిరాక రంగు. గిన్నె మొత్తంలో ఒక చుక్క జెల్ వేసి చూద్దాం అనుకోవద్దు. రెండు చెంచాల ఐసింగ్‌ని చిన్న కప్పులోకి తీసి, దానికే గులాబీ రంగు జెల్ పట్టించి, నీలాన్ని పళ్లపుల్లతో అంటించి ముదురు ఊదా చేయండి. నీలం చాలా బలమైన రంగు, గులాబీని క్షణంలో అణిచేస్తుంది. కాబట్టి అది ఎప్పుడూ పుల్ల కొన వరకే. ఈ ముదురు ముద్దను పెద్ద గిన్నెలోకి పావు చెంచా చొప్పున కలుపుతూ పోవాలి. జెల్ సీసాలోంచి నేరుగా పడే చుక్క ఎంత పెద్దదో మన చేతిలో ఉండదు, పావు చెంచా ఉంటుంది. పైగా ఆ ముద్ద మిగిలితే పారేయక్కర్లేదు. డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే ఇంకో కేకుకి పనికొస్తుంది.

కలిపిన వెంటనే రంగు చూసి, ఇంకా పాలిపోయి ఉందని మరికాస్త వేయడం దగ్గర నియాన్ మొదలవుతుంది. ఈ రంగులు నీళ్లలో కరిగేవి. బటర్ క్రీమ్‌లో కొవ్వు ఎక్కువ, నీళ్లు చాలా తక్కువ. అందుకే రంగు మెల్లగా వ్యాపిస్తుంది. అరగంట నుంచి రెండు మూడు గంటల్లో మనం ఆపిన దానికంటే ఒక మెట్టు ముదురుతుంది. కాబట్టి కావలసిన రంగుకి ఒక మెట్టు ముందే ఆపి, మూత పెట్టి, అరగంట తర్వాత మళ్లీ చూడాలి. అదీ తెల్ల ప్లేటు మీద చెంచాడు రాసి, కిటికీ దగ్గర పగటి వెలుతురులో. పసుపు బల్బు కింద లావెండర్ గోధుమ రంగులో కనబడుతుంది, తెల్ల ఎల్ఈడీ కింద నీలంగా కనబడుతుంది.

లేతగా ఉండటం వేరు, మెత్తగా ఉండటం వేరు. తెల్లటి ఐసింగ్‌లో గులాబీ జెల్ కొంచెమే పడినా బొమ్మల దుకాణం గులాబీయే వస్తుంది, లేతగానే కానీ కళ్లు చెదిరేలా. మన దేశంలో ఆహారంలో వాడటానికి అనుమతి ఉన్న కృత్రిమ రంగులు ఎనిమిది. వాటిలో టార్ట్రజిన్ పసుపు, కార్మోయిసిన్ ఎరుపు, బ్రిలియంట్ బ్లూ నీలం. ఈ ఎనిమిదిలో గోధుమగానీ నలుపుగానీ లేవు. అన్నీ కొట్టొచ్చినట్టుండే రంగులే. కాబట్టి మెత్తదనం మనమే కలపాలి. గులాబీకి ఎదురు రంగు ఆకుపచ్చ. పుల్ల కొనతో ఆకుపచ్చను అంటిస్తే గులాబీ ఎండిన గులాబీ రేకుల ఛాయకి దిగుతుంది. మింట్ ఆకుపచ్చ మరీ చిలకపచ్చగా ఉంటే చిటికెడు గులాబీ చాలు. ఎదురు రంగు గుర్తురాకపోతే, కొద్దిగా కోకో పొడి లేదా గోధుమ జెల్ వేసినా రంగు కాస్త శాంతిస్తుంది. కాకపోతే కోకో రుచి మారుస్తుంది, అందుకే నేను జెల్‌కే ఓటేస్తాను.

మన ఊళ్లలో మే నెలలో బటర్ క్రీమ్ నిలబడదు, అందరూ విప్పింగ్ క్రీమ్ మీదే పని కానిస్తారు. అది పుట్టుకతోనే తెలుపు, పసుపు బెడద లేదు, రంగు వెంటనే పరుచుకుంటుంది. వేరే చిక్కు ఉంది. క్రీమ్ గట్టిగా నిలబడ్డాక రంగు కలుపుతూ కొడితే అది గరుకుగా, పొళ్లు పొళ్లుగా విరిగినట్టు అయిపోతుంది. బీటర్ ఎత్తితే క్రీమ్ కొన వంగే దశలో రంగు వేసి, ఆ తర్వాత గట్టిదనం వచ్చేదాకా కొట్టడం మంచిది. గట్టిపడిన క్రీమ్‌కి రంగు తప్పనిసరైతే బీటర్ పక్కనపెట్టి గరిటెతో మెల్లగా మడవాలి.

ఇంత చేసినా రంగు ఎక్కువైతే? గిన్నె మొత్తానికీ తెల్ల ఐసింగ్ కలుపుతూ పోతే కేకుకి కావాల్సిన దానికి మూడు రెట్లు తయారవుతుంది. ఎక్కువైన ఐసింగ్‌లోంచి రెండు చెంచాలు తీసి, దాన్నే ముదురు ముద్దగా పెట్టుకుని, కొత్త తెల్ల ఐసింగ్‌లోకి కలపండి. మిగిలింది కప్‌కేకుల లోపలికి వెళ్తుంది.

లావెండర్‌కి చివర్లో ఇంకో జాగ్రత్త ఉంది. చాలా గులాబీ రంగులు వెలుతురుకి వెలిసిపోతాయి, నీలం అంత త్వరగా వెలవదు. ఉదయం లావెండర్‌గా ఉన్న కేకుని సాయంత్రం దాకా కిటికీ దగ్గర పెడితే పైభాగం నీలం వైపు జరిగి, అట్టపెట్టె నీడ పడిన పక్క మాత్రం లావెండర్‌గా మిగలొచ్చు. కేకు తీసుకెళ్లేదాకా పెట్టె మూసి చల్లచోట ఉంచాలి. రాత్రి వేడుకకి ఉదయమే ఐసింగ్ పూస్తున్నట్టయితే గులాబీ పాలు కొంచెం ఎక్కువ పెట్టుకోవాలి.