110 శాతం... ఏ లెక్కలో?

మెడికల్ రెప్‌ల రెజ్యూమేల్లో ఒక వాక్యం తరచూ కనిపిస్తుంది: ‘టార్గెట్ 110 శాతం సాధించాను.’ అనుభవమున్న ఏరియా మేనేజర్ దాన్ని చదివి మురిసిపోడు. ‘ప్రైమరీయా, సెకండరీయా?’ అని అడుగుతాడు. రెజ్యూమే నిలబడేదీ పడిపోయేదీ ఆ ప్రశ్న దగ్గరే.

కంపెనీ స్టాకిస్టుకు అమ్మిన సరుకు ప్రైమరీ. స్టాకిస్టు దగ్గర్నుంచి మందుల షాపులకు వెళ్ళింది సెకండరీ. డాక్టరు చీటీ రాసి, రోగి కొంటేనే రెండోది కదులుతుంది. మొదటిది మాత్రం నెలాఖరున స్టాకిస్టును బతిమాలినా కదులుతుంది. ఫీల్డులో దీన్ని డంపింగ్ అంటారు.

రాజమండ్రి హెడ్‌క్వార్టర్‌గా షుగరు, బీపీ మందులు చూసే ఒక రెప్‌ను ఊహించుకుందాం. ఏడాది టార్గెట్ 60 లక్షలు, ప్రైమరీ 66 లక్షలు. అంటే 110 శాతం. వాక్యంలో అబద్ధమేమీ లేదు. అయితే ఏప్రిల్ మొదట్లో స్టాకిస్టు దగ్గరున్న సరుకు 5 లక్షలు. మార్చి ఆఖరుకు మిగిలింది 14 లక్షలు. ఐదుకు అరవై ఆరు కలిపి పద్నాలుగు తీసేస్తే, నిజంగా షాపులకు చేరింది 57 లక్షలు, అంటే 95 శాతమే. గోదాములో పేరుకున్న సరుకు కొత్త ఏడాదిలో ఆర్డర్లను తొక్కేస్తుంది. అమ్ముడుపోనిది గడువు దాటి వెనక్కి వస్తుంది. ఆ తిప్పలు పడేది ఆ ఏరియాలో తర్వాత చేరే రెప్.

అందుకే తెలివైన రెజ్యూమేలో శాతం ఒక్కటే ఉండదు. టార్గెట్ ఎంతో, సెకండరీ ఎంతో, అంతకుముందు ఏడాది ఆ ఏరియా ఎంత చేసిందో పక్కపక్కనే ఉంటాయి. 48 లక్షల ఏరియాను 57 లక్షలకు తెచ్చిన మనిషి 95 శాతమని నిజం రాసుకున్నా నష్టపోడు. ఖాళీ ఏరియాను నిలబెట్టినవాడికీ, నిండుగా ఉన్నదాన్ని అందుకున్నవాడికీ ఉన్న తేడా అక్కడే బయటపడుతుంది.

డాక్టర్ల కవరేజీలోనూ ఇలాంటి మెలికే ఉంది. లిస్టులో 160 మంది ఉంటే నెలలో 152 మందిని కలిశాడు. 95 శాతం, బాగానే ఉంది. కానీ ఆ లిస్టులో మన మందులు ఎక్కువగా రాసే, లేదా రాయగలిగే కోర్ డాక్టర్లు 50 మంది. వాళ్ళను నెలకు రెండుసార్లు కలవాలి. మొత్తం 210 కాల్స్. రోజుకు పది చొప్పున 22 రోజుల్లో సరిపోయే పనే. మన రెప్ ఆ 50 మందిలో రెండోసారి కలిసింది 30 మందినే. ఓపీ దగ్గర రద్దీ తక్కువగా ఉండే క్లినిక్కులు చుట్టేస్తే కవరేజీ సులువుగా పెరుగుతుంది. రాత్రి తొమ్మిది దాకా కాచుకుంటేగానీ దొరకని ఫిజీషియన్ దగ్గర మాత్రం కాల్ మిస్సవుతుంది. కాబట్టి ‘కవరేజీ 95, కోర్ డాక్టర్ల రెండో విజిట్ 60’ అని రెండూ రాస్తేనే అసలు సంగతి తెలుస్తుంది. అరవైని దాచాలనిపించడం సహజం. దాచినా, జాయింట్ వర్క్‌కు వచ్చిన మొదటి రోజే మేనేజరుకు అర్థమవుతుంది.

లాంచ్ దగ్గర ఇంకా గడుసుతనం కావాలి. 2025 మార్చిలో ఎంపాగ్లిఫ్లోజిన్ అనే షుగరు మందుకు పేటెంటు గడువు ముగియగానే ఎన్నో కంపెనీలు తమ తమ బ్రాండ్లతో చౌకగా మార్కెట్లోకి దిగాయి. ఒకే డాక్టరు దగ్గరికి ఒకే మందుతో చాలామంది రెప్‌లు క్యూ కట్టారు. అలాంటప్పుడు ‘కొత్త మందు విజయవంతంగా లాంచ్ చేశాను’ అంటే ఏం తెలుస్తుంది? మొదటి నెల 40 మంది డాక్టర్లకు చెబితే 18 మంది రాశారు, మూడో నెలకు 12 మంది ఇంకా రాస్తున్నారు అంటే తెలుస్తుంది. మొహమాటానికి రాసిన మొదటి చీటీ లాంచ్ కాదు. మూడో నెల లెక్క డాక్టరు మాటల్లో దొరకదు. క్లినిక్ పక్కనున్న మందుల షాపులో ఏ బ్రాండు ఎంత వెళ్తోందో చూసే ఆర్‌సీపీఏలో దొరుకుతుంది.

రెజ్యూమేలోకి రాకూడనివీ ఉన్నాయి. డాక్టర్ల పేర్లు, వాళ్ళు ఏం రాస్తారన్న వివరాలు పాత కంపెనీ సమాచారం. వాటిని బయటపెట్టేవాడు రేపు మన లిస్టూ పట్టుకుపోతాడని కొత్త మేనేజరు అనుకుంటే తప్పు పట్టలేం. ‘తూర్పు గోదావరిలో 160 మంది డాక్టర్లు, ఫిజీషియన్లు, డయాబెటాలజిస్టులు, కార్డియాలజిస్టులు’ అంటే చాలు. డాక్టర్లకు ఏమేం ఇచ్చి వ్యాపారం తెచ్చానో గొప్పగా రాసుకోవడం మరీ ప్రమాదం. 2024 మార్చిలో కేంద్రం తెచ్చిన మార్కెటింగ్ నియమావళి డాక్టర్ల సొంతానికి బహుమతులు ఇవ్వడాన్ని నిషేధించింది.

చివరికి అంకెలన్నీ నోటితో చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో మేనేజరు రెజ్యూమే పక్కనబెట్టి, ‘మార్చి క్లోజింగ్ స్టాక్ ఎంత?’ అని అడిగితే, 14 లక్షలు ఎందుకు మిగిలిందో, ఎన్ని నెలల్లో ఖాళీ చేశాడో రెప్ తడుముకోకుండా చెప్పాలి. ఇన్సెంటివ్ లెటర్లు, ఏడాది సేల్స్ స్టేట్‌మెంటు ఫైల్లో ఉంటే ఆ సంభాషణ ఇంకాస్త తేలిగ్గా సాగుతుంది.