మెట్లెక్కలేని నెలల్లో కింది ఇల్లు

అమెరికాలో మనవాళ్లు అద్దెకుండే చాలా అపార్ట్‌మెంట్లకు లిఫ్టు ఉండదు. మూడో అంతస్తులో ఉంటున్న ఏడో నెల గర్భిణికి బీపీ పెరిగి, డాక్టరు మెట్లెక్కొద్దన్నారనుకుందాం. లీజు మధ్యలో అదే భవనంలో కింది ఇల్లు అడగవచ్చా?

అడగవచ్చు. అయితే అక్కడి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద మామూలు గర్భం వైకల్యం కాదు. నడవడం, మెట్లెక్కడం లాంటివాటిని బాగా కట్టడి చేసే సమస్య తోడైతేనే ‘రీజనబుల్ అకామడేషన్’ కోరే హక్కు గట్టిగా నిలుస్తుంది. కాలు విరిగినవాళ్ల విషయంలోనూ దెబ్బ తీవ్రత, కోలుకునే కాలం లెక్కలోకి వస్తాయి.

అందుకే డాక్టరు లేఖే కీలకం. అందులో ‘గర్భిణి’ అని ఉంటే చాలదు. ‘మెట్లు ఎక్కకూడదు, కింది అంతస్తు అవసరం, ఫలానా నెల వరకు’ అని స్పష్టంగా ఉండాలి. మెడికల్ రికార్డులన్నీ ఇవ్వనక్కర్లేదు. నోటిమాటగా అడిగినా చెల్లుతుంది, కానీ ఈమెయిల్ పెడితే తేదీతో సహా రుజువు మిగులుతుంది.

హక్కు వర్తించినప్పుడు ఈ సౌకర్యం కోసం అదనపు ఫీజు అడగకూడదు. కింద ఖాళీ లేకపోతే మాత్రం ఉన్నవాళ్లను లేపి ఇవ్వరు. తర్వాత ఖాళీ అయ్యేది తమకివ్వమని ముందే రాసి పెట్టాలి. అకారణంగా కాదంటే, ఫెడరల్ గృహనిర్మాణ శాఖ ‘హడ్’కు ఏడాదిలోపు ఫిర్యాదు చేయవచ్చు.