బీము బలంగానే ఉంది, నడుము నలుగుతోంది

కారంపూడి బజారులో కింద దుకాణం, పైన ఇల్లు కట్టేవారు ముందువైపు మధ్యలో స్తంభం అడ్డు రాకూడదని ఐ బీము వేయడం మామూలే. పై అంతస్తు స్తంభం ఆ బీము మీదే నిలబడుతుంది. అలాంటి బీమును ఒకదాన్ని లెక్క వేసి చూద్దాం.

బీము ఐఎస్‌ఎంబీ 300. పొడవు 4 మీటర్లు. ఒక చివరకు అర మీటరు దూరంలో 240 కిలోన్యూటన్ల భారం, అంటే సుమారు 24 టన్నులు. ఆ చివర ఆధారం మీద పడేది 210. బీము వంపుకు తట్టుకుంటుంది, కోతకూ తట్టుకుంటుంది. చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు.

ఆపకూడదు. ఆ 210 కిలోన్యూటన్లూ స్తంభానికి వెల్డ్ చేసిన 50 మిల్లీమీటర్ల బ్రాకెట్ మీద నుంచే దిగాలి. భారం మోసేది కింది ఫ్లాంజ్ మీద నిలబడిన నడిమి రేకు, అంటే వెబ్. దాని మందం 7.5 మిల్లీమీటర్లే. ఫ్లాంజ్ మందంలో భారం కొంత పక్కకు పరుచుకుంటుంది. ఐఎస్ 800 ప్రకారం ఒక మిల్లీమీటరు లోతుకు రెండున్నర మిల్లీమీటర్ల చొప్పున. ఫ్లాంజ్, మూల గుండ్రదనం కలిపి 26.4 లోతు కాబట్టి 66 పెరుగుతుంది. బీము చివర కనుక అది ఒకవైపే.

```
(50 + 66) × 7.5 × 250/1.1 ≈ 198 kN < 210 kN
```

వెబ్ పాదం నలిగిపోతుంది. వెబ్‌ను నిలువు పట్టీగా భావించి బకిల్ అవుతుందా అని చూస్తే 204 వస్తుంది. అదీ చాలదు.

స్టిఫ్‌నర్ పట్టీల కంటే ముందు ఆలోచించాల్సింది బ్రాకెట్ పొడవు. దాన్ని 100 చేస్తే నలుగుడు సామర్థ్యం 283కు, బక్లింగ్ సామర్థ్యం 255కు పెరుగుతాయి. పట్టీలు అక్కర్లేదు. బీము నాపరాయి గోడ మీద కూర్చుంటే మాత్రం ఉక్కు కంటే ముందు రాయీ సిమెంటూ చితుకుతాయి, కాబట్టి అడుగు పలక కొలతను గోడే నిర్ణయిస్తుంది.

పొడవు పెంచే చోటు లేకపోతే ఆధారానికి సరిగ్గా పైన, వెబ్‌కు రెండు వైపులా 60 వెడల్పు, 8 మందం పట్టీలు వెల్డ్ చేయాలి. మూలలో గుండ్రదనం కోసం 15 కోసేస్తే ఒక్కో పట్టీ కింద 45 ఆనుతుంది. ఆ జత ఆనికకు సుమారు 204 కిలోన్యూటన్లు మోస్తుంది, వెబ్‌కు తక్కువైంది 12 మాత్రమే. అయితే పట్టీ అడుగు ఫ్లాంజ్‌కు ఆనకుండా సందు మిగిలితే ఈ ఆనిక లెక్క చెల్లదు, అప్పుడు భారం వెల్డుల మీదే పడుతుంది. పట్టీ ఆధారానికి పక్కకు జరిగి ఉన్నా ఆ లెక్క చెల్లదు. వెల్డర్ దగ్గర నిలబడి చూడాల్సింది ఇదే.

ఈ లెక్కంతా ఫ్లాంజ్‌లు పక్కకు జరగవన్న నమ్మకం మీద నిలుస్తుంది. 1988 ఏప్రిల్ 23న కెనడాలోని బర్నబీలో కొత్తగా తెరిచిన సూపర్‌మార్కెట్ పైకప్పు పార్కింగ్ కూలింది. అక్కడ స్తంభం మీద ఆనిన బీము కింది ఫ్లాంజ్‌కు పక్క ఆధారం లేదు.

కట్టిన తర్వాత అనుమానం ఉంటే ఆధారం పైన వెబ్ పాదం దగ్గర రంగు అడ్డంగా పెచ్చులూడుతోందేమో చూడండి. వెబ్‌కు నిలువుగా స్కేలు ఆనించండి. పొట్ట ఉబ్బినట్టు కనిపిస్తే, ముందు బీము కింద ప్రాప్‌లు పెట్టి భారం దించాలి. వెల్డింగ్ ఆ తర్వాతే.